ఏడులు చాలకుండా కొనండి

ఒకటి నుంచి వంద వరకు రాస్తే ఏడు అంకె ఎన్నిసార్లు పడుతుందో తెలుసుకోవాలని ఉందా? అయితే కాగితం, పెన్ను పక్కన పెట్టేయండి. నంబర్లన్నీ పైకి చదువుతూ, చెవికి ఎన్ని ఏడులు వినిపిస్తే అన్నే వేళ్ల మీద లెక్కపెట్టండి. ఆ తర్వాత అంకెల స్టిక్కర్లు అమ్మే కొట్టుకు వెళ్లి సరిగ్గా అన్నే కొనండి. చేతిలో ఉండనీ అని ఒకటి ఎక్కువ తీసుకోవద్దు. తలకిందులు సలహా అని పెద్దవాళ్లు కోప్పడతారు. కోప్పడనివ్వండి. నాకు ఈ లెక్క ఒంటబట్టింది ఇలాగే.

ఒక హాస్టల్లో వంద లాకర్లకు నంబర్లు అంటించే పని నా మీద పడింది. కొట్టులో అంకెలు విడివిడిగా ఇస్తారు. 36 కావాలంటే ఒక మూడు, ఒక ఆరు తీసుకోవాలి. నేను పైకి చదివాను: ఏడు, పదిహేడు, ఇరవై ఏడు, ముప్ఫై ఏడు... తొంభై ఏడు. పది వినిపించాయి, పదే కొన్నాను.

తెలుగులో చదివేవాళ్లకు పదే వినిపిస్తాయి. 70ని మనం డెబ్బై అంటాం, అందులో ఏడు చెవికి తగలదు. 71 డెబ్బై ఒకటి, 72 డెబ్బై రెండు. 77 డెబ్బై ఏడు, అక్కడా ఒక్క ఏడే పలుకుతుంది. కంటికి మాత్రం 70 నుంచి 79 వరకు ప్రతి నంబరు ముందూ ఒక ఏడు నిలబడి ఉంటుంది. ఒకట్ల స్థానంలో పది, పదుల స్థానంలో పది, మొత్తం 20. చెవి సగమే పట్టుకుంది.

రెండో సలహా: అంటించేటప్పుడు ఒకటో లాకరు నుంచి వరుస తప్పకుండా వెళ్లండి. ఇష్టం వచ్చిన చోట మొదలుపెడితే స్టిక్కర్లు ఎక్కడ అయిపోయినా దాని నుంచి మీకేమీ తెలియదు. వరుసగా వెళ్తే, ఆగిన లాకరే మీ పొరపాటు ఏమిటో చెప్పేస్తుంది. నా సంగతే చూడండి. 67 వరకు ఏడు స్టిక్కర్లు ఖర్చయ్యాయి, సంచిలో ఇంకా మూడున్నాయి. 70కి ఒకటి, 71కి ఒకటి, 72కి ఒకటి. 73 దగ్గర చెయ్యి సంచిలో పెడితే ఏడు లేదు. పది రోజుల ఖర్చు ఒక్క రోజులో వచ్చి పడ్డట్టు, అంతదాకా పది లాకర్లకు ఒకటి చొప్పున పోయిన ఏడు అక్కడ లాకరుకొకటి పోతోంది. తొమ్మిది తక్కువైతే ఆరును తలకిందులు చేసి అంటించవచ్చు. ఏడుకు అలాంటి సాయం చేసే అంకె లేదు.

మీరు 74 దగ్గర ఆగారంటే పదకొండు కొన్నారన్నమాట. డెబ్బైల గుంపు మొత్తానికి కలిపి ఒక్క ఏడు చాలనుకుని ఉంటారు.

మూడో సలహా నాకు అన్నిటికంటే ఇష్టమైనది. రెండోసారి లెక్కలో 77ను కొట్టేయండి. కాగితం మీద ఒక వరుసలో 7, 17, 27 అంటూ 97 దాకా రాయండి, పక్క వరుసలో 70 నుంచి 79 దాకా రాయండి. 77 రెండు వరుసల్లోనూ కనిపిస్తుంది. ఒకే నంబరును రెండుసార్లు ఎలా లెక్కపెడతామని బుద్ధిగా ఒకదాన్ని కొట్టేస్తే 19 వస్తుంది. మొత్తం 19 ఏడులతో మళ్లీ మొదటి నుంచి అంటించండి. ఈసారి 76 దాటేసరికి పద్నాలుగు పోతాయి, 77 ఒక్కటే రెండు తీసుకుంటుంది, 78, 79 కలిపి పద్దెనిమిది. 87కి పంతొమ్మిదోది. ఇక హాయిగా 96 వరకు నడిచిపోతారు. 97 దగ్గర తొమ్మిది అంటించి, పక్కన ఖాళీ చూస్తూ నిలబడతారు.

ఆ ఖాళీ ముందు కాసేపు నిలబడండి. ఏడు ఉన్న నంబర్లు 19, రాయాల్సిన ఏడులు 20. మీరు లాకర్లను లెక్కపెట్టారు, కొట్టువాడు మీకు అమ్మింది అంకెలను. 77 ఒక్క లాకరే, కానీ దాని తలుపు మీద రెండు స్టిక్కర్లు పక్కపక్కనే ఉన్నాయి. వెనక్కి వెళ్లి వాటి మీద వేలు పెట్టి చూడండి.

ఇదయ్యాక, మిగతా అంకెలన్నీ ఇరవై చొప్పున తెచ్చేయండి. రెండు నుంచి తొమ్మిది దాకా సరిగ్గా సరిపోతాయి. వందో లాకరుకు వచ్చేసరికి ఒకటి ఒక్కటి తక్కువ పడుతుంది, సున్నాలు తొమ్మిది మిగిలిపోతాయి. ఆ తొమ్మిది పారేయకండి. ఒకటి నుంచి తొమ్మిది వరకు లాకర్లకు ముందు ఒక్కో సున్నా అంటించండి, 01, 02 అని. సంచి ఖాళీ అవుతుంది.