ఆల్ ట్రాఫిక్ అన్న

క్లౌడ్ పని చేసే ప్రతి ఆఫీసులోనూ ఒక ఆల్ ట్రాఫిక్ అన్న ఉంటాడు. అమీర్‌పేటలో కోర్సు చేసి ఏళ్లవుతున్నా ఆయనకు గుర్తున్న మందు ఒక్కటే. ఏది కనెక్ట్ కాకపోయినా సెక్యూరిటీ గ్రూప్ తెరుస్తాడు, ఇన్‌బౌండ్‌లో `All traffic`, సోర్స్ `0.0.0.0/0` అని పెడతాడు, సేవ్ నొక్కి "ఇప్పుడు చూడు తమ్ముడూ" అంటాడు. అంటే ఈ భూమ్మీద ఎవరైనా, ఏ పోర్టుకైనా రావచ్చన్నమాట. అన్నకు చెయ్యి పెద్దది.

మొన్న కొత్త కుర్రాడికి ఇబ్బంది వచ్చింది. ఏడబ్ల్యూఎస్‌లో మా వీపీసీ, అంటే మాకంటూ విడిగా ఉన్న నెట్‌వర్క్, `10.0.0.0/16`. అందులోంచి అతను `10.0.2.0/24` అని కొత్త సబ్‌నెట్ తీశాడు. 254 అడ్రసులు వస్తాయనుకుంటే 251 వచ్చాయి. ప్రతి సబ్‌నెట్‌లోనూ ఐదు అడ్రసులు ఏడబ్ల్యూఎస్ తనకే అట్టిపెట్టుకుంటుంది. సరే, అందులో పబ్లిక్ ఐపీతో వెబ్ సర్వర్ పెట్టాడు. బ్రౌజర్ తిరిగి తిరిగి టైమవుట్ అంది.

అన్న వచ్చి మందు వేశాడు. మళ్లీ టైమవుటే. సర్వర్ రీబూట్ చేయించాడు. అదే వరస.

కుర్రాడు ఈలోగా ఆ సబ్‌నెట్ రూట్ టేబుల్ చూశాడు. సబ్‌నెట్‌కు మనం ఏ టేబులూ తగిలించకపోతే వీపీసీ మెయిన్ టేబులే దానికి వర్తిస్తుంది. మా మెయిన్ టేబుల్లో ఉన్నది ఒక్క వరసే:

```
10.0.0.0/16    local
```

బయటివాడికి జవాబు పంపాలంటే ఆ అడ్రసు `10.0`తో మొదలవదు. వేరే వరస లేదు కాబట్టి ప్యాకెట్ అక్కడే రాలిపోతుంది. సెక్యూరిటీ గ్రూప్ ఎవరిని రానివ్వాలో చెబుతుందే తప్ప దారి వెయ్యదు. పాత సబ్‌నెట్ వాడే టేబుల్లో ఇంకో వరస ఉంది, `0.0.0.0/0` అయితే ఇంటర్నెట్ గేట్‌వేకి పొమ్మని. కొత్త సబ్‌నెట్‌ను కుర్రాడు ఆ టేబుల్‌కు తగిలించాడు. సైట్ వచ్చేసింది.

చిక్కేమిటంటే, దారి లేకపోయినా టైమవుటే, సెక్యూరిటీ గ్రూప్ ఆపినా టైమవుటే; అదీ చప్పుడు చెయ్యకుండా పారేస్తుంది. `Connection refused` అని వస్తే మాత్రం సాధారణంగా ప్యాకెట్ సర్వర్ దాకా వెళ్లినట్టే, అక్కడ ఆ పోర్టు మీద వినేవాడు లేడు.

"చూశావా? కొంచెం టైం పడుతుందంతే, ఓపెన్ చేస్తే రాక చస్తుందా!" అన్నాడు అన్న.

"అన్నా, ఇక ఆ రూల్ తీసేసి 443 ఒక్కటే ఉంచుదామా? జవాబులకి విడిగా రూల్ అక్కర్లేదు, లోపలికి రానిచ్చినదానికి జవాబును గ్రూపే వదులుతుంది."

"పనిచేసేదాన్ని కెలక్కూడదు తమ్ముడూ."

సాయంత్రానికి సర్వర్ లాగ్‌లో `Invalid user admin`, `Invalid user test` అంటూ ఊరూపేరూ లేని ఐపీల నుంచి వరసలు దిగాయి. కుర్రాడు గాభరాగా స్క్రీన్ చూపించాడు.

అన్న కళ్లజోడు సవరించుకుని తృప్తిగా చూశాడు. "అప్పుడే ఇంతమంది యూజర్లా!"