మా రోజుల్లో కొట్టేసే ముందు వాక్యం చదివేవాళ్లం

జర్నల్‌వాళ్లు 30 రిఫరెన్సులకు మించకూడదంటే ఇప్పటి పిల్లలు చేసే పని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. జాబితాను సంవత్సరాల వారీగా పేర్చి, పాతవన్నీ కొట్టేస్తారు. అంకెల్ని సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది. పేపర్లో ఒక్క వాక్యం కూడా మళ్లీ చదవరు.

మా రోజుల్లో రిఫరెన్సుకో కార్డు ఉండేది. లావుపాటి ఇండెక్స్ మెడికస్ సంపుటాలు తిరగేసి, లైబ్రరీలో దొరకని పేపర్ కోసం దాన్ని రాసినవాళ్లకే కార్డు రాసి రీప్రింట్ తెప్పించుకునేవాళ్లం. మధ్యలో ఏడోది తీసేస్తే ఎనిమిది నుంచి చివరిదాకా అంకెలన్నీ చేత్తో మార్చాలి, టైపిస్టు మళ్లీ కొట్టాలి. అందుకని తీసే ముందు, దీనిమీద ఏ వాక్యం నిలబడిందో చూసుకునేవాళ్లం. ఆ చాకిరీ పోవడం మంచిదే. చూసుకోవడం కూడా దాంతోనే పోయింది.

ఈమధ్య ఒక పీజీ అమ్మాయి, గర్భిణుల్లో రక్తహీనత మీద పేపర్ తెచ్చింది. 44 రిఫరెన్సులు. 30కి దించాలి. "పాతవి తీసేశాను సార్" అంది. తీసేసినవాటిలో మొదటిది, హీమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అని చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రం. ఆమె లెక్కలన్నీ ఆ 11 మీదే ఉన్నాయి. అది పోతే ఆ గీత ఎక్కడ నుంచి వచ్చిందని చదివేవాడు అడుగుతాడు. రెండోది, ఆమె ఫలితానికి ఎదురు చెప్పే అధ్యయనం. చర్చలో "కొన్ని అధ్యయనాల్లో మేలు కనిపించింది, మరికొన్నింటిలో కనిపించలేదు" అని రాసింది. ఆ రెండో సగానికి ఉన్న ఒకే ఆధారాన్ని తీసేసింది. వాక్యం మాత్రం అలాగే ఉంది. ఇక అది ఉత్తమాట.

రెండూ వెనక్కి పెట్టించి మొదటి నుంచి మొదలుపెట్టాం. ఒకే పేపర్ ఆన్‌లైన్‌లో వచ్చిన ఏడాదితో ఒకసారి, అచ్చయిన ఏడాదితో ఇంకోసారి చేరిపోయింది. అలాంటివి రెండు. అవి తీసేస్తే ఏ వాక్యానికీ నష్టం లేదు, 42. తొలి వాక్యంలో "మన దేశంలో గర్భిణుల్లో రక్తహీనత ఎక్కువ" అనడానికి ఏడు అంకెల గుత్తి. విప్పి చూస్తే ఆరు పేపర్లు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెనే తిరిగి చెబుతున్నాయి. ఏడోది సర్వే నివేదికే. 2019-21 సర్వేలో గర్భిణుల్లో 52.2 శాతం. మూలాన్ని ఉంచి ఆరూ తీశాం, 36. వాక్యంలో "ఎక్కువ" అన్న చోట ఆ శాతాన్నే రాయించాను.

రక్తహీనత అంటే ఏమిటో చెప్పే పాఠ్యపుస్తకం అక్కర్లేదు. లెక్కలు కట్టిన సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ వాక్యంలోనే రాస్తే చాలు. 34. ఐరన్ మాత్రలకు కడుపులో తిప్పి చాలామంది మానేస్తారన్న మాటకు ఐదున్నాయి. ఒక సమీక్షా వ్యాసం, మన జిల్లా ఆసుపత్రిలాంటి చోట జరిగిన ఒక అధ్యయనం ఉంచి, మిగతా మూడు తీశాం. ఆ సమీక్ష నిజంగా ఆ మాటే అంటోందా అని తెరిచి చూసిన తర్వాతే. తెరిచి చూడకపోతే ఏమవుతుందో చెప్తాను. 1980లో ఆసుపత్రి రోగుల గురించి ఒక అమెరికా జర్నల్లో వచ్చిన ఐదు వాక్యాల ఉత్తరాన్ని, ఓపియాయిడ్ మందులకు అలవాటుపడటం అరుదని రుజువుగా వందలమంది చూపించారు. అందులో ఎక్కువమంది అది ఆసుపత్రిలో ఉన్నవాళ్ల సంగతేనని కూడా చెప్పలేదని 2017లో లెక్క తేలింది.

ఇప్పుడు 31. చివరిది కౌమార బాలికల గురించి ఒక పక్క వాక్యం. దాన్ని రిఫరెన్సుతో సహా తీసేయించాను. వాక్యాన్ని ఉంచి అంకెను ఊడబెరకడం నాకు అస్సలు గిట్టదు.

జర్నళ్ల మీదా నాకు కోపమే. అచ్చు కాగితం ఖర్చన్న రోజుల్లో హద్దు పెట్టారంటే అర్థముంది. కాగితమే లేని జర్నలుకు 30 ఎందుకు? 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుకట్టిన డోరా ప్రకటన ఈ హద్దుల్ని ఎత్తేయమని, లేదా తగ్గించమని ప్రచురణకర్తల్ని కోరింది. తగిన చోట సమీక్షల్ని కాక, మొదట కనుక్కున్నవాళ్ల పేపర్నే చూపించాలని కూడా అంది. హద్దు బిగిస్తే ముందు పోయేది ఆ మొదటివాళ్లే.

పంపే ముందు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి 1 నుంచి 30 దాకా ఒక్కో అంకెనూ పేపర్లో వెతికించాను. పట్టికలో ఒకచోట చేత్తో కొట్టిన 38 అలాగే మిగిలి ఉంది. చేత్తో కొట్టినదాన్ని సాఫ్ట్‌వేర్ ముట్టుకోదు. చర్చలో "అనేక అధ్యయనాలు" అన్న చోట ఇప్పుడు రెండే ఉన్నాయి. "రెండు అధ్యయనాలు" అని మార్పించి, అప్పుడు పంపమన్నాను.