బామ్మ వేళ్లు ఎవరు తీసేశారు?

పేరు పెట్టడంలో మనవాళ్లంత పట్టింపు ఉన్నవాళ్లు అరుదు. నక్షత్రం చూడాలి, పాదం చూడాలి, ఆ పాదానికి ఏ అక్షరం వచ్చిందో చూడాలి, బియ్యంలో ఉంగరంతో మూడుసార్లు రాయాలి. ఇంత తతంగంతో పేరు పెట్టించుకున్న కుర్రాడే పెరిగి పెద్దవాడై, హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో చేరి, రాత్రింబవళ్లు కూర్చుని గీసిన బొమ్మకి పెట్టిన పేరు `Layer 1 copy 2`. దాని తోబుట్టువులు `Layer 1 copy`, `Layer 7`, `asdf`. చివరిదానికి ఏ నక్షత్రమో నాకు తెలీదు.

సంగతేమిటంటే, టూడీ యానిమేషన్‌లో బొమ్మని కదిలించేవాడొకడు, ఆ కదలికని బ్యాక్‌గ్రౌండు, నీడ, వెలుగులతో కలిపి తెర మీదకి పంపేవాడొకడు. మొదటివాడు యానిమేటర్, రెండోవాడు కాంపోజిటర్. ఇద్దరి మధ్యా నడిచే వ్యవహారమంతా ఒక ఫోల్డరే. అందులో ఒక్కో లేయరూ ఒక్కో పీఎన్‌జీ వరసగా, అంటే ఫ్రేముకో బొమ్మ చొప్పున, చేరుతుంది. యానిమేటర్ సాయంత్రం ఆరింటికి ఫోల్డరు పడేసి ఇంటికి పోతాడు. కాంపోజిటర్ పని మొదలయ్యేది అప్పుడు. ఫోన్ చేస్తే, మెట్రోలో ఉన్నా అన్నా, సిగ్నల్ లేదు అంటాడు. కాబట్టి మాట్లాడాల్సింది ఫైళ్లే.

ఈమధ్య ఒక స్టూడియోలో ఆ ఫైళ్లు ఏం మాట్లాడాయో చూడండి. నాలుగో ఎపిసోడ్, 120వ షాట్. బామ్మ అరుగు మీద స్తంభం పట్టుకుని నిలబడి, ఇటు తిరిగి మనవణ్ణి కేకేస్తుంది. చూడ్డానికి ఇంతే. కానీ బామ్మ ఒళ్లు స్తంభానికి వెనక ఉంది, స్తంభాన్ని చుట్టిన వేళ్లు ముందున్నాయి. అంటే అడుగున ఒళ్లు, దాని మీద స్తంభం, స్తంభం మీద వేళ్లు, ఈ వరసలో పేర్చాలి. యానిమేటర్ తమ్ముడికి ఆ సంగతి తెలుసు కాబట్టే వేళ్లని విడిగా గీశాడు. బుద్ధిమంతుడే. ఆ వేళ్ల లేయరు పేరే `asdf`.

కాంపోజిటర్ అన్న దాన్ని తెరిచాడు. ఖాళీ తెర, మధ్యలో నాలుగు చిన్న గోధుమరంగు మరకలు. ఎవరో బ్రష్ పరీక్షించి చెరపడం మర్చిపోయారనుకుని ఆ లేయర్ ఆపేశాడు. పొద్దున డైరెక్టర్ చూసేసరికి బామ్మ చెయ్యి స్తంభం దాకా వచ్చి అక్కడే మాయమైపోయింది. స్తంభాన్ని పట్టుకుందో, స్తంభంలోకి దూరిందో చెప్పగలిగినవాడు లేడు.

ఇక నీడ. తమ్ముడు దాన్ని లేత ఊదారంగులో వేశాడు, మల్టిప్లై మోడ్‌లో పెడితే అరుగు రంగుతో కలిసి చల్లగా కనిపిస్తుందని. ఆలోచన మంచిదే గానీ మల్టిప్లై అన్న ముక్క అతని తలలోంచి ఫైల్లోకి దిగలేదు. అన్న మామూలుగా పెట్టేశాడు. బామ్మ కాళ్ల కింద ఎవరో ఊదారంగు దుప్పటి ఆరేసినట్టయింది. డైరెక్టర్ పాపం పెద్దమనిషి, ఆ దుప్పటి స్క్రిప్టులో లేదే అని మాత్రం అన్నాడు.

ఫైలు పేరు ఇలా ఉండి ఉంటే ఈ పంచాయితీ ఉండేదే కాదు:

```
EP04_SH0120_BAMMA_FINGERS_FRONT_v003.1001.png
EP04_SH0120_BAMMA_SHADOW_MULT_v003.1001.png
```

ఏ ఎపిసోడ్, ఏ షాట్, ఎవరు, ఆవిడలో ఏ భాగం, ఎక్కడ, ఎలా పెట్టాలి, ఎన్నోసారి మార్చింది, ఎన్నో ఫ్రేము. చదవడానికి క్షణం, రాయడానికి అరనిమిషం. ఆ అరనిమిషం దగ్గరే మనకి ఎక్కడలేని పొదుపూ గుర్తొస్తుంది.

షాట్ నంబర్లు పదేసి చొప్పున దూకేది దేనికో కూడా చెప్పాలి. 0120 తర్వాత 0130 అన్నారంటే, రేపు డైరెక్టర్‌కి మధ్యలో మనవడి ముఖం చూపించాలనిపిస్తే 0125 అని ఇరికించొచ్చు. ఈ స్టూడియోలో మొదట ఒకటి, రెండు, మూడు అనే మొదలెట్టారు. కొత్త షాట్ రాగానే 12A వచ్చింది, దాని వెనకే 12A_new, ఆపైన 12A_new_OK. ఆ OK ఎవరిచ్చారని అడిగితే అందరూ కిటికీలోంచి బయటికి చూశారు.

అయినా ఇవన్నీ కంటికి కనబడే జబ్బులు. కనబడనిది వెర్షన్ నంబరు. 120వ షాట్ మొదట 96 ఫ్రేములు, సెకనుకి 24 చొప్పున సరిగ్గా నాలుగు సెకన్లు. డైరెక్టర్ తమ్ముడి కుర్చీ వెనక నిలబడి, బామ్మ కొంచెం చురుగ్గా తిరగాలన్నాడు. తమ్ముడు మార్చాడు, 88 ఫ్రేములకి వచ్చింది. మార్చింది v003 అని కొత్త ఫోల్డరులో పెట్టాలి కదా. పాత v002 పేరుతోనే, పాత ఫోల్డరు మీదే రెండర్ కొట్టాడు. 1001 నించి 1088 దాకా కొత్త బొమ్మలు పాతవాటి మీద పడ్డాయి. 1089 నించి 1096 దాకా ఉన్న ఎనిమిది పాత బొమ్మల్ని ఎవరూ ముట్టుకోలేదు. అవి అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయనట్టు అక్కడే ఉండిపోయాయి.

అన్న ఫోల్డరు చూశాడు, 96 ఉన్నాయి. షాట్ లిస్టులోనూ 96 అనే ఉంది. లెక్క సరిపోయింది. కంప్యూటరూ ఏ తప్పూ చూపించలేదు, ఎందుకంటే దాని దృష్టిలో తప్పేమీ లేదు. ఎడిటర్ వచ్చింది వచ్చినట్టు టైమ్‌లైన్‌లో పెట్టాడు. తెర మీద బామ్మ చక్కగా తిరిగి, ఆగి, చివర్లో సెకనులో మూడోవంతు సేపు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి పాత భంగిమలోకి పోయింది. ముగ్గురు కూర్చుని యానిమేషన్‌లో లోపం అన్నారు, ఇద్దరు రెండర్ ఫారం మీద అనుమానపడ్డారు, ఒకాయన బామ్మకి వయసైంది కదా అన్నాడు. చివరికి ఎవరో ఫోల్డరుని తారీఖుల వారీగా పెట్టి చూస్తే ఎనభై ఎనిమిది ఫైళ్లు గురువారానివి, ఎనిమిది సోమవారానివి. అప్పటికి ఒక పూట గడిచిపోయింది.

దీనికి మందు రెండు వాక్యాల నోట్. ఫోల్డరులోనే ఒక టెక్స్ట్ ఫైలు: v003, 1001 నించి 1088 దాకా, 24 ఎఫ్‌పీఎస్, డైరెక్టర్ మాట మీద 8 ఫ్రేములు తగ్గించాం. ఎఫ్‌పీఎస్ సంగతి తెలిసిందేగా అని వదిలేసేవాళ్లున్నారు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కి మాత్రం తెలీదు. బొమ్మల వరసని దిగుమతి చేస్తే, మనం సెట్టింగ్ మార్చకపోతే, సెకనుకి 30 అనుకుంటుంది. నాలుగు సెకన్ల బామ్మ 3.2 సెకన్లలో కేక ముగించేస్తుంది. పెదాలు మూతపడ్డాక గొంతు వినిపిస్తుంటుంది.

ఇంత జరిగాక కాంపోజిటర్ అన్న మీటింగ్‌లో లేచి అరగంట మాట్లాడాడు. పేర్లు లేవు, నోట్స్ లేవు, మేం జ్యోతిష్యం చదువుకుని రాలేదు అన్నాడు. అందరూ తలలూపారు, తమ్ముడు తల దించుకున్నాడు. ఆ సాయంత్రమే అన్న 120వ షాట్‌ని రీటేక్‌కి వెనక్కి పంపుతూ తన నోట్ రాశాడు. నోట్ మొత్తం ఇదే: "చెయ్యి చూడు."

తమ్ముడు 88 ఫ్రేములూ చూశాడు. అర్థం కాక వెళ్లి అడిగాడు.

"అన్నా, ఏ చెయ్యి?"

"అదేరా, నువ్వు వేసింది."

"రెండూ నేనే వేశానన్నా."

"తేడాగా ఉన్న చెయ్యి."

"ఎన్నో ఫ్రేములో అన్నా?"

అన్న స్క్రీన్ వైపు తిరిగి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటూ అన్నాడు: "అన్నీ నేనే చెప్పాలేంట్రా?"

తమ్ముడు ఎందుకైనా మంచిదని రెండు చేతులూ మళ్లీ గీస్తున్నాడు.