ఆరడుగుల గుంత సలహా వినకండి

వాన నీటిని బావిలోకి మళ్లించాలనుకున్న రైతుకు కదిరి వైపు ఏ ఊళ్లోనైనా ముందుగా దొరికే సలహా ఇది: “ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు తవ్వు. నిండా రాళ్లు పొయ్యి. ఇంకేం చూడక్కర్లేదు.” 2000లో ‘నీరు-మీరు’ వచ్చిన తర్వాత ఇంకుడు గుంత అన్న మాట ఊరూరా పాకింది. గుంత కొలత ఎలా వస్తుందన్న లెక్క మాత్రం ఆ మాట వెంట నడవలేదు. దాంతో ఇంటి కప్పు నీటికీ అదే గుంత, ఎకరం చేను నీటికీ అదే గుంత. ఈ సలహాతో పాటు తిరిగే మరికొన్ని సలహాలు కూడా ఉన్నాయి. అవి ఎక్కడ దారి తప్పుతున్నాయో ఒక లెక్క పెట్టుకుని చూద్దాం.

ఒక రైతుకు 100 చదరపు మీటర్ల డాబా ఉందనుకుందాం. ఇంటి పక్కనే బావి వైపు వాలిన ఎకరం ఎర్రనేల, అందులో వేరుశనగ. బావి వెడల్పు 20 అడుగులు. పైన మట్టి ఉన్నంత వరకు రాతికట్టు, ఆ కింద బండ.

మొదట కాస్త చదువుకున్నవాళ్లు ఇచ్చే సలహా: “ఏడాది వానంతా లెక్కగట్టి, అంత నీరు పట్టే గుంత తవ్వాలి.” చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురుస్తుంది. తడిసి ఆరిపోయేది, చిందిపోయేది తీసేస్తే డాబా నుంచి 80 శాతం చేతికొస్తుంది. అంటే 44,000 లీటర్లు. అంత పట్టే గుంత తవ్వాలంటే ఇంటిముందు చిన్న కుంటే తవ్వాలి. ఆ అవసరమే లేదు, ఎందుకంటే నీటిని దాచేది బావి. గుంత పని నీటిని వడగట్టి బావికి పంపడం. కాబట్టి ఏడాదికి ఎంత కురిసిందన్నది ఇక్కడ ప్రశ్న కాదు. వాన జోరుమీద ఉన్నప్పుడు నిమిషానికి ఎంత నీరు వస్తుంది, అంత నీరు గుంత దాటి పోగలదా అన్నదే ప్రశ్న.

ఇదే లెక్కలో ఇంకో నిజం కూడా ఉంది. ఆ 44,000 లీటర్లనూ ఒక్కసారే ఆ బావిలో పోసినా మట్టం ఐదడుగులే పెరుగుతుంది. ఐదు హార్స్‌పవర్ మోటారు కొన్ని గంటల్లో తోడేసే నీరు అది. తాగడానికి, పశువులకు ఆ నీరు విలువైనదే. డాబా నీటితో పైరు పండుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

ఇప్పుడు గుంత కొలత చూద్దాం. గట్టి వాన గంటకు 60 మిల్లీమీటర్ల జోరుతో పడిందంటే నిమిషానికి ఒక మిల్లీమీటరు. మన డాబా నుంచి నిమిషానికి 80 లీటర్లు, గంటకు దాదాపు ఐదు ఘనపు మీటర్లు. శుభ్రమైన ముతక ఇసుకలో నీరు చాలా వేగంగా దిగుతుంది. కానీ కప్పు మీది దుమ్ము, ఆకుల పొడి పేరుకున్న ఇసుక అలా దిగనివ్వదు. అందుకని ఒక చదరపు మీటరు ఇసుక గంటకు రెండు ఘనపు మీటర్ల నీటిని మాత్రమే పంపుతుందని లెక్క వేసుకోవడం నా పద్ధతి. ఐదు ఘనపు మీటర్లకు రెండున్నర చదరపు మీటర్ల ఇసుక కావాలి, అంటే పొడవు, వెడల్పు ఐదడుగుల పైచిలుకు. చిన్న పెంకుటిల్లయితే ఇందులో మూడో వంతు చాలు.

ఆరడుగులకు ఇది దగ్గరగానే ఉంది కదా అనిపించవచ్చు. తవ్విన వెడల్పు దగ్గరగానే ఉంది. నింపే తీరులోనే అసలు తప్పు ఉంది, అది రెండో సలహా: “నిండా రాళ్లు పొయ్యి.” రాళ్లు వడగట్టవు, వాటి సందుల్లోంచి మట్టి కూడా నీటితోపాటే పోతుంది. వడగట్టేది ఇసుక. పైగా రాళ్లు నింపిన గుంతలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువే ఖాళీ మిగులుతుంది. ఆరడుగుల గుంత దాదాపు ఆరు ఘనపు మీటర్లు, రాళ్లు పోశాక అందులో పట్టేది రెండు వేల లీటర్ల చిల్లర. రాళ్ల మధ్య చేరిన బురదను తీయాలంటే గుంత మొత్తం పైకి తోడాల్సిందే. ఆ పని చేసేవాళ్లు అరుదు, అందుకే నాలుగైదు వానాకాలాలకు గుంత మూసుకుపోతుంది.

అడుగున ఒకటిన్నర అడుగు మందాన పిడికెడంత రాళ్లు వేయండి. బావికి వెళ్లే నాలుగంగుళాల పైపు నోరు ఆ రాళ్లలో ఉండాలి, దానికి జాలీ కట్టాలి. రాళ్ల మీద ముప్పావు అడుగు కంకర, దాని మీద అడుగు మందం కడిగిన ముతక ఇసుక. ఆ పైన అడుగుంబావు ఖాళీగా వదలండి. జోరు వాన కాసేపు నిలబడేది ఆ ఖాళీలోనే. రాళ్లతో అంచుదాకా నింపితే ఆ చోటు పోతుంది, నీరు పక్కకు పొర్లుతుంది. మొత్తం లోతు నాలుగున్నర అడుగులు దాటదు. ఇసుక పై పొర మాత్రమే మురికి పడుతుంది కాబట్టి ఏడాదికోసారి రెండంగుళాలు గీకి కొత్త ఇసుక పోస్తే చాలు. వాన ఆగాక రెండు గంటలైనా ఇసుక మీద నీరు నిలిచే ఉందంటే ఆ పనికి వేళైనట్టే. ఎండాకాలం తర్వాత మొదటి వాన నీటిని మాత్రం గుంతలోకి రానివ్వకండి. కప్పు పైపుకు మూత పెట్టుకుని, మొదటి వంద, రెండు వందల లీటర్లు బయటికి వదిలేయండి.

మూడో సలహా వింటే నాకు కోపం వస్తుంది: “చేను నీళ్లు కూడా ఆ గుంతలోకే తిప్పు, బోలెడు నీళ్లు వృథాగా పోతున్నాయి.” నీళ్లు బోలెడన్న మాట నిజమే. ఎకరం అంటే నాలుగు వేల చదరపు మీటర్లు. అదే గంటకు 60 మిల్లీమీటర్ల వానలో, దున్నిన ఎర్రనేల మూడింట రెండొంతుల పైన తాగేసినా, సెకనుకు దాదాపు 20 లీటర్లు పారి వస్తుంది. డాబా నీటికి అది పదిహేను రెట్లు. రాళ్లు నింపిన ఆరడుగుల గుంతను డాబా నీరు నింపడానికి 25 నిమిషాలకు పైగా పడితే, చేను నీరు రెండు నిమిషాల లోపే నింపేస్తుంది. ఆ నీటిని ఇసుకతో వడగట్టాలంటే 36 చదరపు మీటర్ల ఇసుక పడక కావాలి. ఎర్రమట్టి నీరు కాబట్టి అది కూడా కొన్ని వానల్లోనే మూసుకుపోతుంది.

ఆ మాటకు జవాబుగా “గుంత ఎందుకు, నేరుగా బావిలోకే వదిలేస్తే మట్టి అడుగున తేరుకుంటుంది” అనేవాళ్లూ ఉన్నారు. ముతక ఇసుక రేణువులు వెంటనే తేరుకుంటాయి, నిజమే. సన్నని బంకమట్టి రోజుల తరబడి నీళ్లలో తేలుతూనే ఉంటుంది. బావిలో ఊట వచ్చేది బండ చీలికల్లోంచి, గరుసు పొరల్లోంచి. ఆ మట్టి వాటి నోళ్లలోనే పేరుకుంటుంది. ఒక వానకు నిండిన బావిలో మరుసటి ఏడు ఊట తగ్గిపోతే, నీటిమట్టం పడిపోయిందని అందరూ అనుకుంటారు. నిజానికి ఊటదారులు పూడిపోయి ఉండవచ్చు. తోడాక బావి తిరిగి ఊరడానికి పట్టే సమయం ఏటేటా పెరుగుతోంది, పక్క బావిలో మాత్రం మార్పు లేదు అంటే ముందు పూడికను అనుమానించండి.

చేను నీటిని చేనులోనే ఇంకించాలి. దానికి వాలుకు అడ్డంగా, గట్టు వెంట కందకం తవ్వాలి. ఇక్కడ గుంత లెక్క పనికిరాదు. కందకం నీటిని పట్టి ఉంచి నేలకు తాగిస్తుంది కాబట్టి పట్టే పరిమాణం, ఇంకే వేగం రెండూ చూడాలి. 50 మిల్లీమీటర్ల వానలో నాలుగో వంతు పారితే ఎకరానికి 50 ఘనపు మీటర్ల నీరు, డాబా ఏడాది పొడవునా ఇచ్చేదానికంటే ఎక్కువ. మీటరు వెడల్పు, రెండడుగుల లోతున తవ్విన కందకం మీటరు పొడవుకు 600 లీటర్లు పడుతుంది. నాలుగు పలకల ఎకరం చేనుకు ఒక వైపు 63 మీటర్లు. కింది గట్టు వెంట పూర్తిగా తవ్వితే 38 ఘనపు మీటర్లు, అంటే ఆ వానకు పారిన నీటిలో మూడొంతులు నిలుస్తుంది. మిగతా నీటికి చేను నడుమ ఇంకో చిన్న వరుస తవ్వండి, లేదా రాళ్లు పేర్చి అలుగు కట్టి పక్క వాగులోకి వదలండి. అలుగు లేని కందకం గట్టును తెంపుతుంది.

“ఎంత లోతు తవ్వితే అంత మంచిది” అన్నది కందకాల విషయంలో తిరిగే సలహా. తవ్వే ముందు ఒక పరీక్ష చేయండి. కందకం అడుగు వచ్చే లోతున అడుగు గొయ్యి తీసి, నీళ్లు పోసి బాగా నాననివ్వండి. మళ్లీ నింపి, పుల్లకు గీతలు పెట్టి, గంటకు ఎంత దిగిందో చూడండి. గంటకు 20 మిల్లీమీటర్లు దిగితే రెండడుగుల నీరు 30 గంటల్లో ఇంకుతుంది, కందకం మరో వానకు సిద్ధమవుతుంది. 5 మిల్లీమీటర్లే దిగితే అదే నీటికి ఐదు రోజులు పడుతుంది. ఈలోపు ఇంకో వాన వస్తే పట్టే చోటే ఉండదు, పక్క సాళ్లలో వేరుశనగ వేర్లు కుళ్లుతాయి. అలాంటి నేలలో లోతు సగానికి తగ్గించి వెడల్పు పెంచాలి. చిక్కని నల్లరేగడిలో అయితే కందకం మీద డబ్బు పెట్టవద్దనే చెబుతాను.

ఇక “బావికి ఆనుకునే తవ్వు, నీరు త్వరగా చేరుతుంది” అన్న సలహా ప్రాణాంతకం. బావి పైభాగం మట్టి. వెనక నీరు నిలిస్తే ఆ మట్టి నాని రాతికట్టును లోపలికి తోస్తుంది. రాళ్లు ఉబ్బడం, బావి దరి వెంట నేల వంపు తిరిగి చీలడం, వాన వెలిశాక బావి నీరు ఎర్రబారడం దీనికి గుర్తులు. ఇవి కనబడితే దరి దగ్గరికి మనిషిని, మోటారును రెండింటినీ పోనివ్వకండి. వడగట్టే గుంత బావికి కనీసం పదడుగుల దూరాన ఉండాలి. దాని అడుగు, గోడలు సిమెంటుతో కట్టాలి. పైపు కట్టును దాటి లోపలికి ముందుకొచ్చి, నీరు గోడ మీద కాకుండా బావి నడుమకు పడేలా ఉండాలి. ఇంకే కందకాన్ని అంతకంటే ఇంకా దూరంగా, చేను వైపే ఉంచాలి.

ఇంట్లో తాగే బావి అయితే ఒక్క విషయంలో రాజీ పడకండి. మట్టిని ఇసుక ఆపుతుంది గానీ నీటిలో కరిగిన యూరియాను, పురుగుమందును ఆపదు. చేను నీటికి ఎంత మంచి వడపోత కట్టినా, తాగే బావికి దాని పైపు కలపవద్దు.