ఒక్క బిస్కట్‌తో ఆగిపోయే మహానుభావుడు

పరవాడలో ఒకాయన కోసం వెతుకుతున్నాను. పేరు సర్వింగేశ్వరరావు. ఆధార్ కార్డు లేదు, ఓటు లేదు, అయినా ప్రతి బిస్కట్ ప్యాకెట్ వీపు మీదా ఆయన ఉనికి కనిపిస్తుంది. పన్నెండున్నర గ్రాముల బిస్కట్ ఒక్కటంటే ఒక్కటే తీసి, టీలో ముంచుకు తిని, ప్యాకెట్ మూతికి రబ్బరు బ్యాండు వేసి, మర్నాటిదాకా దాని వంక కన్నెత్తి చూడడు. కంపెనీలు ఆయన్ని ఊహించుకునే 'ఒక సర్వింగు'కు ఇంత అని అంకెలు వేస్తాయి.

ఎన్టీపీసీ సింహాద్రి వైపు టీకొట్లలో విచారించాను. ఫార్మాసిటీ షిఫ్టు బస్సులు ఆగేచోటా వాకబు చేశాను. "ఒక్క బిస్కట్టు తిని లేచేవోడా? మా కొట్లో ఇప్పటిదాకా సూళ్లేదు బాబూ" అన్నాడు టీ వడగడుతున్న ఆసామి.

ఆ ఫార్మాసిటీలోనే మా మేనల్లుడు కెమిస్టు. మిల్లీగ్రాములు అటూ ఇటూ అయితే అన్నం సయించని రకం. అలాంటివాడు మొన్న రెండు బిస్కట్ ప్యాకెట్లు తెచ్చి బల్లమీద పెట్టాడు. పేర్లు మనకొద్దు, అంకెలు మాత్రం ఆ రకాలకు ఉండే తరహావే. ఒకటి మామూలు గ్లూకోజ్ బిస్కట్. రెండోదానికి మట్టిరంగు కవరు, మీద ఓట్స్ కంకి బొమ్మ, ధర మూడింతలు.

"చూడు మావయ్యా, సర్వింగుకి చక్కెర దీన్లో రెండున్నర గ్రాములే. ఆ గ్లూకోజ్ దాన్లో ఆరున్నర. కొవ్వు కూడా దీన్లో 2.6, దాన్లో 3.25. మూడింతలు పెట్టినా తప్పులేదు."

"సర్వింగంటే ఎంతరా?"

కళ్లజోడు సవరించుకున్నాడు. గ్లూకోజ్ ప్యాకెట్‌లో సర్వింగంటే 25 గ్రాములు. ఓట్స్ కంకి ప్యాకెట్‌లో ఒక్క బిస్కట్, పన్నెండున్నర గ్రాములు. అంటే ఒకరికి గుప్పెడు పెట్టి, ఇంకొకరికి చిటికెడు పెట్టి, ఎవరు తక్కువ తిన్నారో చూడమంటున్నారన్నమాట.

అప్పుడు పక్క గడి చూడమన్నాను. 2020లో ఎఫ్ఎస్ఎస్ఏఐ తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం పోషకాల అంకెలు వంద గ్రాములకైనా వేయాలి, లేదా ఒకేసారి తినేసే చిన్న ప్యాకెట్ అయితే ఆ ప్యాకెట్ మొత్తానికైనా వేయాలి. మావాడి ప్యాకెట్లు రెండూ పెద్దవే కనక వంద గ్రాముల గడి ఉంది. అందులో కథ మారిపోయింది. చక్కెర గ్లూకోజ్ దాన్లో 26 గ్రాములు, ఓట్స్ దాన్లో 20. కొవ్వు గ్లూకోజ్ దాన్లో 13, ఓట్స్ దాన్లో 21. సంతృప్త కొవ్వు ఆరుకు పది. శక్తి 450 కిలో కాలరీలకు 490.

చక్కెర విషయంలో ఓట్స్ కంకి కాస్త మెరుగే, ఒప్పుకోవాలి. కానీ సర్వింగు గడి చూసి మావాడు అనుకున్నట్టు సగంకన్నా తక్కువేం కాదు, దాదాపు నాలుగోవంతు మాత్రమే తగ్గింది. కొవ్వులో మాత్రం వరసే తిరగబడింది. ఇద్దరికీ సమంగా 25 గ్రాములు పెడితే గ్లూకోజ్ తిన్నవాడికి 3.25 గ్రాముల కొవ్వు, ఓట్స్ తిన్నవాడికి 5.25. ఒంటికి మంచిదని మూడింతల ధర పెట్టినవాడికే డాల్డా బంధువులు ఎక్కువమంది దిగారు.

ఇంతకన్నా గడుసు గడి ఇంకోటుంది. అది శాతాల గడి. రోజుకు సగటు మనిషికి 2000 కిలో కాలరీలు, 67 గ్రాముల కొవ్వు, అందులో సంతృప్తం 22, పైన కలిపిన చక్కెర 50 గ్రాములు, సోడియం 2000 మిల్లీగ్రాములు అని నిబంధనల్లోనే లెక్క కట్టి, అందులో ఎన్నో వంతు మన కడుపులోకి వెళ్తుందో చెప్పమన్నారు. ఈ శాతాన్ని మాత్రం వంద గ్రాములకు కాదు, సర్వింగుకు కట్టమన్నారు. సర్వింగు ఎంతో తేల్చేది కంపెనీ. అంటే ముద్దాయి చేతికే త్రాసిచ్చి తూకం వేయమన్నట్టు. అంచేత ఓట్స్ ప్యాకెట్ మీద సంతృప్త కొవ్వు ఆరు శాతం లోపే కనిపిస్తుంది. సర్వింగేశ్వరరావుకి అది నిజమే. అదే ప్యాకెట్‌తో క్రికెట్ మ్యాచ్ ముందు కూర్చుని ఎనిమిది బిస్కట్లు లాగించే మావాడికి అది 45 శాతం. పట్టిక అబద్ధమాడలేదు. వేరే మనిషి గురించి చెప్పింది, అంతే.

"మరి ఈ అంకెల్లో దేన్ని నమ్మమంటావు?" అన్నాడు.

రెండు ప్యాకెట్లలో ఏది కొనాలో వంద గ్రాముల గడి చెబుతుంది. కొన్నాక నీ కడుపులోకి ఎంత వెళ్లిందో అది చెప్పదు. దానికి ప్యాకెట్ నికర బరువును బిస్కట్ల సంఖ్యతో భాగించు, ఒక్కోటి ఎంత తూగుతుందో తేలుతుంది. దాన్ని నువ్వు తిన్నవాటితో హెచ్చవేసుకో. ఫ్యాక్టరీలో చేసే లెక్కే.

టిఫిన్‌కి గిన్నెలో పోసుకునే రేకుల సంగతి ఇంకా వినోదం. అక్కడ సర్వింగు 30 గ్రాములు. కార్న్‌ఫ్లేక్స్ గాలి సరుకు కాబట్టి 30 గ్రాములకే కప్పు నిండుతుంది. మ్యూస్లీ బరువు సరుకు, అదే కప్పు నింపితే రెండు సర్వింగులు దాటిపోతుంది. పట్టిక గ్రాముల్లో మాట్లాడుతుంది, మన చెయ్యేమో గిన్నె అంచుదాకా పోసి ఆపుతుంది. పైగా కొన్ని డబ్బాల మీద 'పాలతో కలిపి' అని ఇంకో గడి ఉంటుంది. ఆ గడిలో మాంసకృత్తులు మిలమిలా మెరుస్తాయి. అందులో చాలావరకు పరవాడ గేదె పుణ్యమే, డబ్బాలో వాళ్లు పోసిందేం లేదు. రెండు డబ్బాల్ని పోల్చేటప్పుడు పాల గడి మీద చెయ్యి అడ్డం పెట్టుకోవడం మేలు.

వంద గ్రాముల గడిని కూడా మరీ దేవుణ్ని చేయక్కర్లేదు. ఎండు సరుకుని ఎండు సరుకుతోనే పోల్చాలి. ఇడ్లీలో సగానికి పైగా నీళ్లే కనక వంద గ్రాముల ఇడ్లీ పక్కన వంద గ్రాముల బిస్కట్ రాక్షసిలా కనిపిస్తుంది. అది కొంత పిండి మహిమ, కొంత నీళ్ల మహిమ. బిస్కట్‌ని బిస్కట్‌తో, రేకుల్ని రేకులతో చూడాలి. 'పంచదార లేదు, అనకాపల్లి బెల్లమే' అని రాసినా మొత్తం చక్కెరల గడి దగ్గర ఆగి చూడాలి. బెల్లంలోనూ అధికభాగం చక్కెరే అంటే మా జిల్లాలో నన్ను రాళ్లతో కొడతారేమోగానీ, గడిలో అంకె బెల్లానికి మొహమాటపడదు.

మావాడు హుషారెక్కి, టీకొట్లో దండలుగా వేలాడే చిన్న ప్యాకెట్లనూ పోల్చేస్తానని బయల్దేరాడు. అక్కడ పట్టిక ప్యాకెట్ మొత్తానికే ఉంది. 36 గ్రాముల ప్యాకెట్‌లో 9 గ్రాముల చక్కెర. తొమ్మిదిని వందతో హెచ్చవేసి ముప్ఫై ఆరుతో భాగిస్తే వందకు పాతిక. బాగానే కుదిరింది. ఇంకా చిన్న పొట్లం తిప్పిచూస్తే అసలు పట్టికే లేదు. మొత్తం ఉపరితలం వంద చదరపు సెంటీమీటర్లు దాటని పొట్లాలకు ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఉంది, ఆ వివరాలు టోకు పెట్టె మీద ఉంటే చాలు.

"ఆ పెట్టె ఏదీ?" అని అడిగాడు మావాడు.

కొట్టాయన బల్ల కింద చూపించాడు. అట్టపెట్టెని విప్పి చదునుచేసి, టీ గ్లాసులు బోర్లించుకోడానికి పరిచాడు. మావాడు గ్లాసులు పక్కకి జరిపి, తడికి అలుక్కుపోయిన అంకెల్లోంచి చక్కెర ఎంతో చదవడానికి వంగున్నాడు. వెనక షిఫ్టు బస్సు హారన్ కొడుతోంది.