తూర్పు ముఖం, పడమటి కిటికీ

సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి సూర్యభగవానుడు మా ఆఫీసు మీటింగుకి హాజరవుతాడు. ఆయనకి లింకు పంపక్కర్లేదు. నా వీపు వెనకున్న పడమటి కిటికీలోంచి తిన్నగా వచ్చి లాప్‌టాప్ తెర మీద కూర్చుంటాడు. అప్పట్నించి నాకు ఎక్సెల్ షీటు కనపడదు. ఎదుటి బ్లాకులో బాల్కనీ, దాని గ్రిల్లు, గ్రిల్లు మీద ఆరేసిన పచ్చ తువ్వాలు మాత్రం దివ్యంగా కనిపిస్తాయి. అవతలివాళ్లకి నేనూ కనపడను. వెనక వెలుగు ఎక్కువైతే కెమెరా ఆ వెలుగుకే సర్దుకుని, ముందున్న మొహాన్ని నల్లగా వదిలేస్తుంది. "ఎవరండీ మాట్లాడేది?" అంటాడు మా మేనేజరు. జీతం ఇచ్చేటప్పుడు మాత్రం ఆ అనుమానం రాకూడదని నా ప్రార్థన.

ఈ ఏర్పాటు మా మావగారిది. "అల్లుడుగారూ, పనిచేసేవాడు తూర్పు ముఖంగా కూర్చోవాలి" అని బల్ల ఆయనే తిప్పించారు. మియాపూర్‌లో మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో బల్ల పట్టే మూల ఒక్కటే ఉంది. దానికున్న కిటికీ పడమటిది. తూర్పుకి మొహం పెడితే పడమరకి వీపు పెట్టక తప్పదు కదా! ఈ మాట ఆయనతో అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

కర్టెన్ వేయొచ్చుగా అంటారు. వేశాం. మందపాటి కర్టెన్ వేస్తే గది చీకటైంది, చీకటైతే ట్యూబ్‌లైటు వెయ్యాలి, ఆ ట్యూబ్‌లైటుని బిల్డరు సరిగ్గా నా నెత్తి వెనక గోడకే బిగించాడు. సూర్యుడు పోయి, తెర మీద అడ్డంగా తెల్లటి గీత ఒకటి వెలిసింది. పోనీ కిటికీకి ఎదురుగా కూర్చుందామా అంటే, తెర శుభ్రంగానే ఉంటుంది గానీ దాని వెనక ఆకాశం భగభగలాడుతుంటుంది. కన్ను ఆ వెలుగుకి అలవాటుపడి అక్షరాలు మసకగా కనిపిస్తాయి. మనం తెర వెలుతురు చివరిదాకా పెంచుతాం. రాత్రికి తలనొప్పి మాత్ర.

మిగిలిన రెండు దిక్కుల్లో మేలు ఉత్తరం. ఉత్తరానికి తిరిగితే కిటికీ ఎడమ చేతి పక్కకి వస్తుంది. వెలుగు తెర మీదా పడదు, తిన్నగా కళ్లలోనూ పడదు. మొహానికి పక్కనుంచి పడుతుంది కాబట్టి మేనేజరు నన్ను గుర్తుపడతాడు. కుడిచేత్తో కాగితం మీద రాసుకున్నా చేతి నీడ అడ్డురాదు. ఉత్తరం కుబేరుడి దిక్కని మా ఆవిడ గుర్తుచేశాకే మావగారు ఒప్పుకున్నారు. ఆయన ఒప్పుకున్నారు గానీ సూర్యుడు పూర్తిగా ఒప్పుకోలేదు. డిసెంబరులో ఆయన నైరుతి వైపు వాలి నా ఎడమ భుజం వెనకనుంచి తెర మీదకి తొంగిచూస్తాడు. మే నెలలో వాయవ్యం వైపు జరిగి ఎడమ కంట్లో పొడుస్తాడు. అందుకని పల్చటి తెల్ల గుడ్డ ఒకటి కట్టాం. అది ఎండని ఆపదు, విరజిమ్ముతుంది. అంతే చాలు.

వెలుగు సంగతి ఇలా తేలిందో లేదో గొంతు గొడవ మొదలైంది. "బాత్రూంలోంచి మాట్లాడుతున్నారా?" అని ఒకరు. కింద టైల్సు, చుట్టూ నున్నటి గోడలు, పక్కన అద్దం. మాట వీటిలో దేనికీ ఇంకక, ఎదురెదురు గోడల మధ్య తిరిగి తిరిగి మైకులో పడుతుంది. గది మధ్యన నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. వెంటనే సన్నగా 'జింగ్' మని మోగితే మీ గదికీ ఆ జబ్బు ఉన్నట్టే.

ఇక్కడే మా బావమరిది రంగప్రవేశం చేశాడు. "బావా, గోడకి కోడిగుడ్ల అట్టలు అంటించెయ్. స్టూడియోల్లో అదే చేస్తారు" అన్నాడు. వద్దన్నాను. వాడు వినే రకం కాదు. ముప్ఫై గుడ్ల అట్ట ఇంచుమించు అడుగు చదరం ఉంటుంది. పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు గోడకి ఎనభై అట్టలు కావాలి. ఎనభై అట్టలంటే రెండువేల నాలుగొందల గుడ్లు. ముగ్గురున్న ఇంట్లో మనిషికి రోజుకి రెండు ఆమ్లెట్ల చొప్పున తిన్నా గోడ పూర్తవడానికి ఏడాది దాటుతుంది, ఈలోగా ప్రాజెక్టే మూసేస్తారు. అందుకని వాడు గుడ్ల దుకాణం వాణ్ణి బతిమాలి ఖాళీ అట్టలు మోసుకొచ్చాడు. కొన్నిటికి పగిలిన సొన, కొన్నిటికి ఈకలు. ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే మా మావగారు గుమ్మంలోనే ఆగిపోయి, "ఇక ఈ గదిలోకి కుబేరుడేం వస్తాడు?" అన్నారు. కుబేరుడు రాలేదు గానీ బొద్దింకలు వచ్చాయి. బొద్దింకల కోసం బల్లులు వచ్చాయి. సగం గోడ అంటించాక చప్పట్లు కొట్టి చూస్తే 'జింగ్' కాస్త 'జుంగ్' అయింది. ఆ అట్ట పల్చటి కాగితపు గుజ్జు. కీచుమనే పైశబ్దాలని కొద్దిగా తింటుంది తప్ప మనిషి గొంతులోని బరువుని ఏమీ చెయ్యలేదు, బయటి చప్పుడునైతే అసలే ఆపలేదు. పైగా నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది. పీకేస్తే గమ్ముతోపాటు ఓనరుగారి పెయింటూ ఊడొచ్చింది. ఆ డబ్బు అడ్వాన్సులో కోస్తానన్నారాయన. బావమరిది మాత్రం ఇప్పటికీ "ఎనభై అతికించనివ్వలేదు, అందుకే" అంటాడు.

పనిచేసింది పాత దూదిపరుపు. పగలు దాన్ని నా ఎదుటి గోడకి ఆనించి నిలబెడతాం, రాత్రి పరుచుకుంటాం. మందంగా, మెత్తగా ఉన్నదేదైనా మాటని మింగుతుంది. బట్టల బీరువా తలుపులు తీసిపెట్టినా కొంత మేలే. అంతకన్నా పెద్ద మందు మైకుని నోటి దగ్గరికి తేవడం. దూరం సగం చేస్తే గొంతు మైకుకి ఆరు డెసిబెల్స్ ఎక్కువగా అందుతుంది, గది మోత మాత్రం ఉన్నంతే ఉంటుంది. ఇక కుక్కర్ కూత పరుపుకి లొంగదు. అది తలుపు కింద వేలెడు సందులోంచి వస్తుంది. గాలి దూరే చోట చప్పుడూ దూరుతుంది కాబట్టి, పాత చీర చుట్టగా చుట్టి ఆ సందులో పెట్టాం.

ఇన్ని చేశాక మీటింగులో ఒకరు, "మీ ఇల్లు భలే నిశ్శబ్దంగా ఉందండీ" అన్నారు. అది పరుపు గొప్పతనం కాదని నాకు తెలుసు. మా ఆవిడ మిక్సీని నా క్యాలెండరు చూసి వేస్తోంది. ఆ కిటికీ పక్కన బొమ్మలు వేసుకునే మా అమ్మాయి ఇప్పుడు ట్యూబ్‌లైటు కింద వేసుకుంటోంది, ఏమడగాలన్నా సైగ చేస్తోంది. తన ఇంట్లో తను గుసగుసలాడటం ఏడేళ్ల పిల్లకి ఇంత తొందరగా ఎలా అలవాటైందో! కరెంటు బిల్లు మాది, కుర్చీ మాది, ఇంట్లో మంచి వెలుగున్న మూలా మాదే. వాడుకునేది మాత్రం ఆఫీసు. దీనికి అద్దె అడగాలని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు.

సరే, మీకు చెప్పేది ఇదీ. బల్ల కొనేముందు ఒక ఆదివారం స్టూలు మీద కూర్చుని, కట్టేసిన లాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకుని, పొద్దున్నించి సాయంత్రం దాకా గంటకోసారి అన్ని దిక్కులకీ తిరిగి చూడండి. నల్లటి తెరలో ఏది కనిపిస్తే రేపు మిమ్మల్ని వేధించేది అదే. ఏమీ కనిపించని దిక్కున, కిటికీకి ఎదురుగా మాత్రం కాకుండా, బల్ల వేసుకోండి. బావమరిది అట్టలు పట్టుకుని వస్తే మాత్రం తలుపు తియ్యకండి.