చక్కెర ఫ్యాక్టరీ ఇంటర్న్‌షిప్ రిపోర్టు: చెమట పట్టకుండా రాసే చిట్కాలు

ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో వేసవి ఇంటర్న్‌షిప్ ముగించిన మెకానికల్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! లాగ్ బుక్కులో రోజుకో గడి నింపేశారుగా? సగం రిపోర్టు అయిపోయినట్టే.

1. లాగ్ బుక్కును ఉన్నదున్నట్టు దించేయండి. "సోమవారం: మిల్లు హౌస్ చూశాము. మంగళవారం: మిల్లు హౌస్ మళ్లీ చూశాము." ఏం నేర్చుకున్నారో ఎక్కడా బయటపడకూడదు. పడితే వైవాలో దాని మీదే అడుగుతారు.

2. ముందు పన్నెండు పేజీలు కంపెనీ చరిత్రతో నింపండి. 1941, వెలగపూడి రామకృష్ణ, ఫ్యాక్టరీ గేటు ఫోటో. బరువు చూసి మార్కులు వేసే మాస్టార్లు ఇంకా ఉన్నారు.

3. మిగతాది సీనియర్ రిపోర్టు నుంచి ఎత్తండి. అతను శీతాకాలంలో వెళ్లాడు కాబట్టి అందులో క్రషింగ్ జోరుగా సాగుతుంటుంది. మీరు వెళ్లిన మే నెలలో సీజను అయిపోయి, మిల్లులు విప్పి ఓవర్‌హాల్ చేస్తున్నారు. అయినా తేదీలు మార్చి చెరకు ఆడించేయండి. మే ఎండలో చెరకు బళ్లు బారులు తీరాయని కూడా కలపండి, కళగా ఉంటుంది.

4. ఓవర్‌హాల్ జోలికి అసలు పోవద్దు. అక్కడే ప్రమాదం. విప్పిన రోలరు నేల మీద ఉంటుంది. టేపు పట్టుకుని రెండు చివర్లా, నడుమా చుట్టుకొలత తీసి, 3.14తో భాగిస్తే వ్యాసం వచ్చేస్తుంది. నడుమ చుట్టుకొలత 12 మిల్లీమీటర్లు తగ్గిందనుకోండి, వ్యాసం దాదాపు 4 తగ్గినట్టు. పాత సెట్టింగుతోనే బిగిస్తే అక్కడ సందు పెరుగుతుంది, పిండుడు తగ్గుతుంది, పిప్పిలో రసం మిగిలిపోతుంది, తడి పిప్పి బాయిలర్లో సరిగ్గా మండదు. ఇదంతా ఒక పట్టికలో పెట్టి ఫోర్‌మన్ గారికి ఇచ్చారో, "ఈ కుర్రాడు పనికొచ్చాడు" అంటారు. మర్నాడు మిగిలిన రోలర్లు కూడా మీకే అంటగడతారు. నీడలో కూర్చుని ఫోన్ చూసుకోండి.

5. "నా కృషి వల్ల సామర్థ్యం 15 శాతం పెరిగింది" అని ధైర్యంగా రాయండి. మిల్లు ఆడలేదు కాబట్టి పెరగలేదని ఎవడు నిరూపిస్తాడు? దేని సామర్థ్యమో మాత్రం చెప్పకండి. "కొలతలు తీశాను, ఫలితం వచ్చే సీజనులో పిప్పి పరీక్షలో తేలాలి" అని రాసేవాడు అమాయకుడు. నిజం రాస్తే పేరా పొట్టిదైపోతుంది.

6. వైవాలో "నువ్వేం చేశావు?" అంటే "అబ్జర్వ్ చేశాను సార్" అనండి. "మేలో చెరకు ఎక్కడిది?" అంటే పొరుగు జిల్లా నుంచి వచ్చిందనండి. ఎగ్జామినర్‌ది ఉయ్యూరే అయితే మాత్రం ఆ పూటకి గొంతు పట్టేసిందని సైగ చేయండి.